నాలుగో గది పిలుపు

రాజోలులో కాలవ గట్టు రోడ్డు మీద మా దుకాణం. బోర్డు మీద ఇప్పటికీ రేడియో, టీవీ అనే ఉంటుంది. రేడియోలు ఎవరూ తేవడం లేదు, టీవీలు కూడా తగ్గిపోయాయి. ఇప్పుడు వచ్చేవన్నీ ఇన్వర్టర్ బోర్డులు, వాషింగ్ మెషిన్ బోర్డులు, అల్లవరం వైపు నుంచి రొయ్యల చెరువుల మోటార్ స్టార్టర్లు. నాన్నగారికి చూపు మందగించాక టంకం పని నా చేతికి వచ్చింది. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను కాబట్టి అది సహజమేనని ఇంట్లో అనుకున్నారు. ఊళ్ళో అనుకోవడానికి కొంతకాలం పట్టింది. ఎవరైనా వచ్చి మెకానిక్ గారు ఉన్నారా అని అడిగేవారు. నేనేనండీ అనేదాన్ని. సరేనండీ అని బెంచీ మీద కూర్చుని మెకానిక్ గారి కోసం ఎదురు చూసేవారు.

అలా ఎదురు చూడకుండా నేరుగా నాకే పని చెప్పినవారిలో ఒక పెద్దాయన ఉన్నారు. నాన్నగారి స్నేహితుడు కాబట్టి నాకు బాబాయిగారు. ఆయనకు కొబ్బరి తోటలున్నాయి. దిండిలో ఒక హౌస్‌బోట్ కూడా ఉంది, ఆరు గదులది. గదుల్లో దిగినవాళ్ళకు మంచినీళ్ళో టీయో కావాలంటే తలుపు తీసి అరవాల్సి వస్తోందని, గోదావరి మీద అరుపులు బాగా సాగుతాయి గాని హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకు అరవడం మొహమాటంగా ఉంటోందని ఆయన చెప్పారు. ప్రతి గదిలోనూ ఒక బటన్, వంటగదిలో ఆరు దీపాల పెట్టె. ఏ గదివాళ్ళు నొక్కితే ఆ దీపం వెలగాలి, బజర్ మోగాలి. ఎవరైనా చూసి పెట్టె మీది బటన్ నొక్కి ఆపేదాకా దీపం ఆరకూడదు. ఇదీ పని.

వారం రోజుల్లో చేసేశాను. చిన్న కంట్రోలర్ బోర్డు ఒకటి తీసుకుని, దాని ఆరు పిన్నులకు ఆరు గదుల తీగలు కలిపాను. గదిలో బటన్ పక్కన చిన్న ఎర్ర లైటు ఉంటే రాత్రిపూట వెతుక్కోవాల్సిన అవసరం ఉండదని బాబాయిగారు అన్నారు. దానికోసం ప్రతి గదికీ ఎలాగూ అయిదు వోల్టుల తీగ పంపాలి. ఆ తీగనే బటన్‌కు ఒక వైపు కలిపాను. రెండో వైపు నుంచి బోర్డు మీది చిప్పు పిన్నుకు ఇంకో తీగ. బటన్ నొక్కితే అయిదు వోల్టులు పిన్నుకు చేరతాయి. చేరితే ఎవరో పిలిచినట్టు. దుకాణంలో బల్ల మీద మూరెడు తీగలతో ఒక్కో బటన్‌నూ పదేసి సార్లు నొక్కి చూశాను. పదేసి సార్లూ వెలిగింది. నాన్నగారు కూడా రెండు సార్లు నొక్కి, బజర్ గొంతు బాగుందన్నారు.

బోటులో బిగించడానికి వెళ్ళినప్పుడు అక్కడి మనుషులు పరిచయమయ్యారు. బోటు నడిపే సరంగు గారు మాట తక్కువ మనిషి. వడ్డన చేసే కుర్రాళ్ళు ఇద్దరు. వంట చేసే ఆవిడకు యాభై దాటి ఉంటాయి, దిండిలోనే పడవల కుటుంబం. నేను ఆవిడను పిన్నిగారు అన్నాను, ఆవిడ నన్ను అమ్మాయిగారు అంది. పెట్టెను వంటగదిలో వడ్డన బల్ల పైన గోడకు బిగించాం. అన్నిటికంటే దూరం నాలుగో గది, వెనక చివర ఉంటుంది. దాని తీగ ఏసీ కరెంటు తీగ వెళ్ళే గొట్టంలోంచే లాగాం. వడ్రంగి అప్పటికే ఒక గొట్టం వేసి ఉన్నాడు. ఇంకోటి వెయ్యమంటే నా వైపు ఒకసారి, తన సుత్తి వైపు ఒకసారి చూశాడు. ఉన్నదాంట్లోంచే లాగేశాం.

రెండో రోజు సాయంత్రం బాబాయిగారు ఫోన్ చేశారు. నాలుగో గదివాళ్ళు ఊరికే పిలుస్తున్నారట. అంటే ఏమిటి బాబాయిగారూ, వాళ్ళకేదో కావాలేమో అన్నాను. ఆ గదిలో ఎవరూ లేరమ్మా అన్నారాయన.

తర్వాత నాలుగైదు రోజులు నాకు అందిన సమాచారం ఇది. ఏసీ వేసినప్పుడు నాలుగో గది పిలుస్తోంది. ఏసీ ఆపినప్పుడు కూడా పిలుస్తోంది. ఎవరైనా పెట్టె పక్క తీగల దగ్గరగా చెయ్యి పోనిచ్చి గరిటె తీసుకుంటే ఒక్కోసారి పిలుస్తోంది. రెండో గది కూడా అప్పుడప్పుడూ పిలుస్తోంది గాని దానికంత పట్టుదల లేదు. ఎలుకలు తీగ కొరికి ఉంటాయని సరంగు గారి అభిప్రాయం. ఉప్పుగాలి వల్లనని బాబాయిగారి అభిప్రాయం. వడ్డన కుర్రాళ్ళు అభిప్రాయం చెప్పకుండా నాలుగో గది దీపం వెలిగితే వెళ్ళడం మానేశారు. పిన్నిగారు మాత్రం ప్రతిసారీ వెళ్ళేది. పొయ్యి తగ్గించి, చేతులు కొంగుకు తుడుచుకుని, బోటు చివరిదాకా నడిచి, ఖాళీ గది తలుపు తట్టి ఏం కావాలండీ అని అడిగి, ఒక క్షణం ఆగి, వెనక్కి వచ్చి దీపం ఆపేది. రోజుకు పది పన్నెండు సార్లు. ఎందుకండీ ఆ తిరుగుడు అని కుర్రాళ్ళు అంటే, పిలిచేరు కదా అనేదట.

మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు మా నాన్నగారి పాత మీటరు పట్టుకెళ్ళాను. ముల్లు ఊగే రకం, చేతికి ఇటుకలా అనిపిస్తుంది. దానితో ఆయన ఈ తాలూకాలో సగం రేడియోలు బాగు చేశారు. డిజిటల్ మీటర్లు దుకాణంలో రెండున్నాయి గాని, అనుమానం వచ్చినప్పుడు నా చెయ్యి దాని మీదికే పోతుంది. నాలుగో గది పిన్నుకూ సున్నా వోల్టుల తీగ అయిన గ్రౌండ్‌కూ మధ్య మీటరు తగిలించి, పది వోల్టుల స్కేలు మీద పెట్టి, ముల్లును చూస్తూ కూర్చున్నాను. ముల్లు సున్నా మీద ఉంది. ఏసీ వేయించాను. సున్నా. ఏసీ ఆపించాను. సున్నా. గంటసేపు కూర్చున్నాను, నాలుగో గది ఒక్కసారి కూడా పిలవలేదు. పిన్నిగారు నాకు రెండుసార్లు టీ ఇచ్చింది. బాగానే ఉందండీ అని మీటరు ఊడదీసి సంచిలో పెట్టుకుని బయల్దేరాను. బండి శివకోడు దాటకముందే ఫోను వచ్చింది.

రెండోసారి వెళ్ళి బటన్ మార్చాను. తేమకు లోపల తుప్పు పట్టి రెండు రేకులూ అంటుకుంటున్నాయేమోనని. పాత బటన్ విప్పి చూస్తే అద్దంలా ఉంది. అయినా మార్చాను. కొత్త బటన్ పెట్టి అరగంట కూడా కాకముందే నాలుగో గది పిలిచింది. అప్పుడు నాకు పౌరుషం వచ్చింది. బటన్ మొత్తం పీకేసి, తీగల కొసలకు విడివిడిగా టేపు చుట్టి, గోడలో కన్నం అలాగే వదిలేసి వచ్చేశాను. ఇక నొక్కడానికేమీ లేదు కదా.

మర్నాడు బాబాయిగారు ఫోన్ చేసి, బటన్ లేని గది కూడా పిలుస్తోందమ్మా అన్నారు. ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. వార్త చెప్పినట్టు చెప్పారు.

అక్కడే నాకు అర్థమైపోవాలి. బటన్ లేకపోయినా పిలుపు వస్తోందంటే తప్పు బటన్‌లో లేదు, బటన్ నొక్కనప్పుడు ఆ తీగ ఏ స్థితిలో ఉంటోందన్నదాంట్లో ఉంది. ఇంత తేలిక విషయం ఆ రాత్రి నాకు తట్టలేదు. చిప్పుకు నేను రాసిన ప్రోగ్రామ్ తెరిచి ఒక్కో లైనూ చదువుకున్నాను. ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. తప్పు లేని ప్రోగ్రామ్‌ను మూడుసార్లు చదివితే మనిషికి తన మీద తనకు నమ్మకం పోతుంది.

మూడోసారి వెళ్ళిన రోజు ఆదివారం. బోటు నిండుగా ఉంది. అన్ని గదులూ ఇచ్చేశారు కాబట్టి నాలుగో గదిలో బటన్ తిరిగి బిగించాలని బాబాయిగారు పొద్దున్నే కబురు చేశారు. అందులో భీమవరం నుంచి వచ్చిన భార్యాభర్తలు దిగారు. ఆయన రిటైరైన లెక్కల మేష్టారు. నేను బటన్ బిగిస్తుంటే కళ్ళజోడు పైకి నెట్టుకుని, ఇది దేనికమ్మా అని అడిగారు. ఏదైనా కావాలంటే నొక్కండి, వస్తారండీ అని చెప్పాను. అలా చెప్పడానికి నాకు కొంచెం ధైర్యం కావాల్సి వచ్చింది.

తర్వాత వంటగదిలోకి వచ్చి పెట్టె విప్పాను. నాలుగో గది పిన్నుకు ముల్లు మీటరు తగిలించి, మిగతా తీగలన్నీ ఒక్కొక్కటే పరీక్షించడానికి వడ్డన బల్ల మీద నా సామానంతా పరిచాను. కటింగ్ ప్లయర్, టంకం చుట్ట, సోల్డరింగ్ ఐరన్, రెసిస్టర్ల డబ్బా. ఆ బల్ల మీదే పిన్నిగారు గిన్నెలు పెట్టి వడ్డనకు సర్దుకోవాలి. ఆవిడ చేపల పులుసు దించి నేల మీద పెట్టుకుంది, పనసపొట్టు కూర కిటికీలో పెట్టుకుంది, అన్నం దేనిమీద పెట్టాలో చూసుకుంటోంది. పన్నెండింటికి పెట్టాల్సిన భోజనం ఒంటిగంట దాటింది. దానికి కారణం నేనేనని నాకు తెలుసు. ఇంకో పది నిమిషాలు పిన్నిగారూ అని మూడుసార్లు అన్నాను.

నేను ఒంగి ఒక తీగ తోలు తీస్తున్నప్పుడు బజర్ మోగింది. తలెత్తి చూస్తే నాలుగో గది దీపం. పిన్నిగారు పొయ్యి తగ్గించింది.

“వెళ్ళకండి పిన్నిగారూ,” అన్నాను. “అది ఉత్త పిలుపే. నేను ఇక్కడ తీగలు కదుపుతున్నాను కదా.”

“ఆయ్,” అంది ఆవిడ. అని, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. మామూలుగా కంటే తొందరగా నడిచింది.

నేను దీపం ఆపేసి మళ్ళీ తీగ పట్టుకున్నాను. నిమిషం కూడా కాలేదు, ఆవిడ గొంతు బోటు వెనక నుంచి వినబడింది. అరవలేదు, గట్టిగా చెప్పింది అంతే: పంచదార నీళ్ళు తెమ్మని. వడ్డన కుర్రాడు పంచదార డబ్బా కోసం వెతుకుతుంటే నేను నా టంకం చుట్ట పక్కకు నెట్టి డబ్బా తీసి, గ్లాసులో నాలుగు చెంచాలు వేసి పరుగెత్తాను.

మేష్టారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. ఏదో చెబుతున్నారు గాని మాట ముద్దగా వస్తోంది. పిన్నిగారు ఆయన వీపుకు తన భుజం ఆనించి పట్టుకుంది. గ్లాసు అందుకుని, మింగగలరా బాబూ అని అడిగి, ఆయన తల ఊపాక కొద్దికొద్దిగా తాగించింది. ఆయన భార్య పైన డెక్కు మీద ఫొటోలు తీసుకుంటోంది. సరంగు గారు వెళ్ళి చెబితే దిగి వచ్చింది. ఆవిడ కంగారు పడలేదు, సంచిలోంచి షుగరు చూసే మెషిన్ తీసి ఆయన వేలికి సూది గుచ్చింది. అంకె చూసి మాకు చెప్పలేదు, ఇంకో గ్లాసు ఇవ్వండి అని మాత్రం అంది. భోజనం పన్నెండింటికని చెప్పారు కాబట్టి ఆయన పన్నెండింటికి ముందే ఇన్సులిన్ వేసుకున్నారట. భోజనం రాలేదు. ఇన్సులిన్ మాత్రం తన పని తను చేసింది.

పావుగంటలో ఆయన మాట తేటపడింది. ఆ తర్వాత అన్నం తిన్నారు. వడ్డన బల్ల అప్పటికి ఖాళీ చేసేశాను. పెట్టెకు తగిలించిన మీటరు తప్ప మిగతా సామానంతా నా ఒళ్ళో పెట్టుకుని వంటగది గుమ్మంలో కూర్చున్నాను. మేష్టారు తిని చెయ్యి కడుక్కుని అటుగా వచ్చి, మీ బటన్ బాగా పనిచేసిందమ్మా అన్నారు. ఆయన నిజంగానే అన్నారు. థాంక్సండీ అన్నాను. జీవితంలో నేను పుచ్చుకున్న మెప్పుల్లో అంత బరువైనది లేదు.

అందరి భోజనాలూ అయ్యాక పిన్నిగారు తన కంచం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. నాకూ పెట్టింది. నేను వెళ్ళొద్దని అన్నాను కదా, ఎందుకు వెళ్ళేరు అని అడిగాను. ఎప్పుడూ వెళ్తుంది కాబట్టి అలవాటు కొద్దీ వెళ్ళి ఉంటుందనుకున్నాను. అదే మాట వస్తే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

“ఆ ముల్లు పెట్టె తగిలించి ఉందిగదండీ,” అంది.

నాకు అర్థం కాలేదు.

“అది తగిలించి ఉండగా ఎప్పుడూ ఉత్తినే మోగలేదండీ. మీరు మొదటిసారి వచ్చినప్పుడు గంటసేపు కూర్చున్నారు, మోగిందా? తీసేసి వెళ్ళేరు, మోగింది. ఇయ్యాల కూడా పొద్దున్నించీ తగిలించే ఉంచేరు. మోగలేదు. ఉన్నట్టుండి మోగింది. ముల్లు కూడా పైకి లేచిందండీ, నేను చూసేను. మరి అది నిజం పిలుపే కదండీ.”

నేను డిప్లొమా రెండో సంవత్సరంలో చదివిన పాఠం అది. పరీక్షలో రాశాను కూడా. బొమ్మ వేసి, రెసిస్టర్‌ను మెలికల గీతగా చూపించి, కింద పేరు రాశాను. ఆ బొమ్మను నా చేతులతో చేసిన పెట్టెలో పెట్టడం మరిచిపోయాను.

నేను చేసిన తప్పు ఇది. బటన్ నొక్కితే పిన్నుకు అయిదు వోల్టులు వస్తాయి. వదిలేస్తే రావు. రాకపోవడమంటే సున్నా అని నేను అనుకున్నాను. రాకపోవడం వేరు, సున్నా వేరు. సున్నా కావాలంటే ఆ పిన్నును గ్రౌండ్‌కు ఏదో ఒకటి కలిపి ఉంచాలి. బటన్ వదిలేశాక నా పిన్ను దేనికీ కలిసి లేదు. దాని చివర పాతిక అడుగుల తీగ గాలిలో ఉంది, ఏసీ కరెంటు తీగకు ఆనుకుని. ఆ తీగలో కరెంటు ఊగిన ప్రతిసారీ పక్కనున్న నా తీగలోనూ కొంచెం వోల్టేజి పుడుతుంది. అందులో బలమేమీ ఉండదు, చిన్న బల్బు కూడా వెలగదు. అయితే చిప్పు పిన్ను దాదాపు ఏ కరెంటూ తీసుకోదు, కాబట్టి దాన్ని నమ్మించడానికి బలం అక్కర్లేదు. మూడు వోల్టులు దాటినట్టు కనిపిస్తే చాలు, పిలిచారు అనుకుంటుంది. మనిషి చెయ్యి దగ్గరికి తెస్తే కూడా అంతే. మన ఒంట్లో కూడా చుట్టూ ఉన్న కరెంటు తీగల ఊపు ఎంతో కొంత ఉంటుంది.

మరి మీటరు తగిలిస్తే ఎందుకు ఆగింది? పాత ముల్లు మీటరు చూడ్డానికి కూడా కొంత కరెంటు తాగుతుంది. ఒక్కో వోల్టుకు ఇరవై వేల ఓములని దాని ముఖం మీదే రాసి ఉంటుంది. పది వోల్టుల స్కేలు మీద పెడితే అది పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య రెండు లక్షల ఓముల రెసిస్టర్‌తో సమానం. నేను తప్పు వెతకడానికి తగిలించిన వస్తువే, తగిలించి ఉన్నంతసేపూ ఆ తప్పును బాగు చేస్తోంది. గంటసేపు దాని ముందు కూర్చుని ఏమీ లేదని రాసుకున్నాను.

తప్పుకు ముందు జరిగింది కూడా చెప్పాలి. అంతకు ముందు నేను చేసిన పెట్టెలన్నిటిలోనూ బటన్‌ను గ్రౌండ్‌కు కలిపేదాన్ని. ఆ చిప్పు లోపల పిన్నును అయిదు వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్ ఒకటి ఉంటుంది, ప్రోగ్రామ్‌లో ఒక మాట రాస్తే అది పనిలోకి వస్తుంది. బయట టంకం పెట్టే పనే లేదు. అలా ఏళ్ళ తరబడి పెట్టకుండా చేసి చేసి, రెసిస్టర్ అవసరమే లేదని నా చెయ్యి అనుకుంది. ఈసారి బటన్‌ను అయిదు వోల్టులకు కలిపాను. కిందికి లాగే రెసిస్టర్ ఆ చిప్పులో లేదు. పెట్టె మీద దీపం ఆపే బటన్‌ను మాత్రం పాత పద్ధతిలోనే గ్రౌండ్‌కు కలిపాను, అది ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. అదైనా చూసి తెలుసుకోవాల్సింది.

అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక పిన్నిగారిని పిలిచి చూపించాను. మీటరు తీసేసి, నాలుగో గది తీగ దగ్గరికి వేలు తీసుకెళ్ళాను. తగలనివ్వలేదు. బజర్ మోగింది. ఆపాను. డబ్బాలోంచి పది వేల ఓముల రెసిస్టర్ ఒకటి తీసి, పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య టంకం పెట్టాను. బియ్యపు గింజకు రెండు మీసాలున్నట్టు ఉంటుంది. మళ్ళీ వేలు తెచ్చాను. మోగలేదు. తీగనే వేళ్ళతో పట్టుకున్నాను. మోగలేదు. ఏసీ వేయించాను, ఆపించాను. సరంగు గారు కూడా వచ్చి నిలబడి చూశారు. ఇదేం చేస్తుందని అడిగారు. ఎవరూ నొక్కనప్పుడు తీగను సున్నా దగ్గర పట్టి ఉంచుతుందండీ అన్నాను. మరి నొక్కితే? నొక్కితే అయిదు వోల్టులు నేరుగా వస్తాయి, దీని పట్టు దానిముందు చాలదు, అప్పుడు పిలుపు తెలుస్తుంది.

ఆయన ఆ రెసిస్టర్ మీదికి ఒంగి చూసి, “అంటే ఇన్నాళ్ళూ తాడు కట్టకుండా వదిలేరన్నమాట,” అన్నారు.

అవునండీ అన్నాను. ఆరు పిన్నులకూ ఆరు పెట్టాను.

నెల రోజులు ఏ గదీ ఊరికే పిలవలేదు. అక్కడితో వదిలేసి ఉండొచ్చు. నాకే మనసొప్పలేదు. ప్రతి గదికీ అయిదు వోల్టుల తీగ వెళ్తోంది. బోటన్నాక తేమ ఉంటుంది, రాపిడి ఉంటుంది. ఎక్కడైనా తోలు పోయి బోటు ఇనుప చట్రానికి తగిలితే, ఆ చట్రం గ్రౌండే కాబట్టి, సప్లయి షార్టై పెట్టె మొత్తం చచ్చిపోతుంది. అదే బటన్‌ను గ్రౌండ్‌కు కలిపి, పిన్నును రెసిస్టర్‌తో అయిదు వోల్టులకు లాగి ఉంచితే, తీగ చట్రానికి తగిలినా ఆ ఒక్క గది పిలిచినట్టు కనిపిస్తుంది, మిగతావి బతికే ఉంటాయి. ఎర్ర లైట్లకు ఒక్కోదానికీ పెట్టె దగ్గరే వేరే రెసిస్టర్ పెడితే వాటి తీగ షార్టైనా ఇబ్బంది లేదు. బోటు ఖాళీగా కట్టి ఉన్న మంగళవారం వెళ్ళి, మధ్యాహ్నానికల్లా తీగలు మార్చేశాను.

స్విచ్ వేశాను. ఆరు దీపాలూ ఒక్కసారే వెలిగాయి. బజర్ ఆగకుండా మోగింది. బోటులో నేను, పిన్నిగారు, సరంగు గారు తప్ప ఎవరూ లేరు. పిన్నిగారు ఆరు దీపాల వంకా చూసి, నా వంక చూసి, ఉల్లిపాయలు తరుక్కుంటూ కూర్చుంది. దీపాలు ఆపేసి ఒకటో గదికి వెళ్ళి బటన్ నొక్కి పట్టుకున్నాను. ఏమీ మోగలేదు. వేలు తీశాను. అప్పుడు మోగింది. తీగలు తిరగేశాను గాని ప్రోగ్రామ్ తిరగేయలేదు. ఇప్పుడు ఎవరూ నొక్కనప్పుడు పిన్ను అయిదు వోల్టుల దగ్గర ఉంటుంది, నొక్కితే సున్నాకు పడుతుంది. పాత ప్రోగ్రామ్‌కు ఇంకా అయిదు అంటేనే పిలుపు. ఒక మాట మార్చి మళ్ళీ ఎక్కించాను. ఈసారి పిన్నిగారు అడక్కుండానే ఆరు గదులకూ వెళ్ళి ఒక్కోటీ నొక్కి వచ్చింది. ఒక్కోదానికీ నేను వంటగదిలోంచి వచ్చిందండీ అని చెప్పాను.

బాబాయిగారు ఇప్పటికీ ఎవరు వచ్చినా మేష్టారి సంగతి చెబుతారు. మా అమ్మాయి చేసిన మెషిన్ ఒక మనిషి ప్రాణం కాపాడిందని. అది కాదు బాబాయిగారూ అని రెండుసార్లు వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, మూడో మనిషికి మళ్ళీ అలాగే చెప్పారు. పిన్నిగారికి ఈ విషయంలో ఏ పట్టింపూ లేదు. ఏమైనా చేసిపెట్టమంటారా అని నేనే ఒకరోజు అడిగాను. వంటగదిలో తనకు కూడా ఒక బటన్ పెట్టమంది. పెద్ద అన్నం గిన్నె దించాలంటే నడుము పట్టేస్తోందట, కేకేస్తే ఇంజను చప్పుడులో ఎవరికీ వినబడదట.

పెట్టాను. ఏడో బటన్, ఏడో రెసిస్టర్, సరంగు గారు కూర్చునే చోట ఒక దీపం, చిన్న బజర్. నేను అక్కడ ఉండగానే ఆవిడ గంజి వార్చి, బటన్ నొక్కి, గిన్నె పక్కన నిలబడింది. కాసేపు ఎవరూ రాలేదు. మళ్ళీ నొక్కింది. రెండు నిమిషాలకు సరంగు గారు గుమ్మంలోకి వచ్చి ఆవిడను కాదు, నన్ను చూశారు.

“నిజంగా నొక్కేరాండీ, లేకపోతే…?” అన్నారు.

“నొక్కేనండీ,” అంది పిన్నిగారు. “గిన్నె దించండి.”